ప్లాన్ పెంచాలా, పై గదికి వైరు లాగాలా?

ప్రశ్న: మాది హన్మకొండలో పైన ఒక అంతస్తు ఉన్న సొంత ఇల్లు. ఫైబర్ లైన్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. జీఎస్టీతో నెలకు 589 రూపాయలు కడుతున్నాం. వైఫై డబ్బా కింద హాల్లో టీవీ వెనుక ఉంది. నేను బంగ్లా మీది గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటాను. పగలు పర్వాలేదు. రాత్రి 7 దాటాక అమెరికా వాళ్లతో మీటింగ్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. అప్పుడు స్పీడ్ టెస్ట్ చేస్తే 15, 20 చూపిస్తుంది. కంపెనీ అబ్బాయి 300 ప్లాన్‌కు మారమంటున్నాడు, నెలకు 1,179. మా వారేమో ముందు రూటర్ మార్చుదాం అంటున్నారు. ఏది ముందు చేయాలి?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ప్లాన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీ ఉత్తరంలో నాకు అసలు సంగతి చెప్పింది ఆ 15, 20 అంకెలే. మీటింగ్‌లో మీ మాట వెళ్లడానికి 0.1 ఎంబీపీఎస్ చాలు. ముఖం స్పష్టంగా కనిపించే వీడియో కలుపుకున్నా 3, 4 ఎంబీపీఎస్‌తో పని అయిపోతుంది. 15 వస్తున్నా గొంతు తెగిపోతోందంటే మీకు తక్కువైంది వేగం కాదు, నిలకడ. మీ మాటలను మోసుకెళ్లే చిన్న చిన్న ప్యాకెట్లు కొన్ని ఆలస్యంగా చేరుతున్నాయి, కొన్ని అసలు చేరడమే లేదు.

స్పీడ్ టెస్ట్‌లో ఇది పట్టుబడదు. ఆ టెస్ట్ కొన్ని సెకన్లలో మొత్తం ఎంత డేటా వచ్చిందో లెక్కగట్టి సగటు చెబుతుంది. మధ్యలో అర సెకను అంతా ఆగిపోయినా ఆ సగటులో కలిసిపోతుంది. సినిమా చూసేటప్పుడు కూడా తెలియదు, యాప్ రాబోయే భాగాన్ని ముందే తెచ్చి పెట్టుకుంటుంది కాబట్టి. మీటింగ్‌లో అలా కుదరదు, మీరు ఇంకా అనని మాటను ఎవరూ ముందే తెచ్చి పెట్టుకోలేరు. అందుకే మీ ఇంట్లో టీవీ బాగానే నడుస్తుంది, మీ మీటింగ్ మాత్రం తెగిపోతుంది.

ఇప్పుడు తేలాల్సింది ఆ ప్యాకెట్లు ఎక్కడ పోతున్నాయన్నదే. మీ ల్యాప్‌టాప్ నుంచి బయటికి వెళ్లే దారిలో రెండు భాగాలున్నాయి. ల్యాప్‌టాప్ నుంచి కింద హాల్లోని డబ్బా వరకు వైఫై, అది పూర్తిగా మీ ఇంటి వ్యవహారం. డబ్బా నుంచి బయటికి ఫైబర్, అది కంపెనీది. 300 ప్లాన్ కొంటే రెండో భాగంలో మాత్రమే మార్పు వస్తుంది. మొదటి భాగం ఈ రోజు ఎలా ఉందో రేపూ అలాగే ఉంటుంది.

రాత్రి 7 దాటాకే ఇబ్బంది వస్తోందని రాశారు. దాన్ని బట్టి ఏ భాగానిది తప్పో చెప్పలేం. ఆ వేళకు వాడకట్టులో అందరి ఇళ్లలో టీవీలు, ఫోన్లు మోగుతుంటాయి. అందరి వైఫైలూ ఒకే గాలిలో ఒకదానిమీద ఒకటి పడతాయి, కాబట్టి తప్పు మీ ఇంట్లోనే ఉండొచ్చు. అదే వేళకు కంపెనీ లైన్ మీద కూడా రద్దీ పెరుగుతుంది, కాబట్టి బయటా ఉండొచ్చు. పగలు చేసిన టెస్ట్ దీన్ని తేల్చదు. ఇబ్బంది వచ్చే వేళకే, ఇబ్బంది వచ్చే గదిలోనే చూడాలి.

చూడటానికి ఖర్చేమీ లేదు. ఆఫీసు వీపీఎన్ ఆపేయండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మొదట ఇది కొట్టండి:

```
ipconfig
```

అందులో వైఫై భాగం కింద `Default Gateway` అని ఒక అడ్రస్ కనిపిస్తుంది. అది మీ డబ్బా అడ్రస్, చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది. తరువాత అలాంటి కిటికీలు రెండు పక్కపక్కన తెరిచి, ఒకదానిలో మొదటిది, ఇంకోదానిలో రెండోది ఒకేసారి నడపండి. మీ అడ్రస్ వేరే ఉంటే దాన్నే వేయండి.

```
ping -n 200 192.168.1.1
ping -n 200 8.8.8.8
```

మొదటిది మీ డబ్బాను మాత్రమే పలకరించి వస్తుంది, ఇల్లు దాటదు. రెండోది బయటి ఇంటర్నెట్ దాకా వెళ్లి వస్తుంది. ఒక్కో వరుసలో `time=` పక్కన ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో కనిపిస్తుంది. మొదటి కిటికీలో అది 2 నుంచి 5 మధ్య నడుస్తూ, ఎప్పుడో ఒకసారి 20కి వెళ్లి వస్తే మీ వైఫై బాగున్నట్టే. అలా కాకుండా 4, 6, 210, 3, 340 అని గెంతుతున్నా, మధ్యలో `Request timed out` అని పడుతున్నా తప్పు మీ ఇంటి లోపలే ఉంది. కిందున్న డబ్బాకు చేరడానికే మూడో వంతు సెకను పడుతుంటే ప్లాన్ ఎంతదైతే ఏం లాభం?

మొదటి కిటికీ ప్రశాంతంగా ఉండి రెండోది మాత్రమే గెంతుతుంటే తప్పు బయటి భాగంలో ఉన్నట్టు. ఆ మాట అనేముందు ఒక అనుమానం తీర్చుకోండి. ఇంట్లో ఎవరి ఫోనైనా ఆ వేళకు రోజంతా తీసిన ఫోటోలు, వీడియోలను క్లౌడ్‌లోకి పంపుతోందేమో, గేటు దగ్గరి కెమెరా రికార్డింగ్ బయటికి పోతోందేమో చూడండి. ఇంట్లోంచి బయటికి వెళ్లే అప్‌లోడ్ దారిని ఒక్క ఫోన్ నింపేసినా మీ మాట దాని వెనుక వరుసలో నిలబడాల్సి వస్తుంది. అవి ఆపి మళ్లీ చూడండి. రెండు కిటికీలూ గెంతుతుంటే ముందు మొదటిది బాగుచేసుకోవాలి. అది బాగుపడేదాకా రెండోది చూపించే అంకెను నమ్మలేం.

దీనికి తోడు ఇంకొక్క పరీక్ష. ల్యాప్‌టాప్ కిందికి తెచ్చి, వైఫై ఆపేసి, డబ్బా లాన్ పోర్ట్ నుంచి వైరుతో కలిపి, అదే రాత్రి వేళ స్పీడ్ టెస్ట్ చేయండి. మీ ల్యాప్‌టాప్‌కు లాన్ పోర్ట్ లేకపోతే యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు. కింద వైరు మీద 90 పైన వచ్చి, పైన వైఫై మీద 15 వస్తోందంటే కంపెనీ ఇచ్చేది మీ ఇంటి దాకా వచ్చింది, మెట్లు ఎక్కలేకపోయింది.

మీ ఇంటిలాంటి ఇల్లు ఒకటి కాజీపేటలో చూశాను. డబ్బా కింద హాల్లో టీవీ వెనుక గూట్లో, పక్కనే ఇనుప బీరువా. అబ్బాయి పని చేసే గది పైన, వెనుక వైపు. కింద వైరు మీద రాత్రి 8 గంటలకు 94 వచ్చింది. పైన 14. పైనుంచి డబ్బాకు పింగ్ చేస్తే ఎక్కువగా 3, 4 మిల్లీసెకన్లే, నడుమ 380 దాకా గెంతులు, 200లో 11 జవాబులు రానేలేదు. ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ ఏ బ్యాండ్ మీద ఉందో ఈ కమాండ్‌తో చూశాం:

```
netsh wlan show interfaces
```

`Channel` దగ్గర 6 అని, `Receive rate (Mbps)` దగ్గర 52 అని ఉంది. ఛానెల్ 6 అంటే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్. ఆ 52 అనేది ల్యాప్‌టాప్, డబ్బా మాట్లాడుకునే రేటు, చేతికి వచ్చేది అందులో సగం చుట్టూ ఉంటుంది. ఆ సగాన్నీ అదే ఛానెల్ మీదున్న ప్రతి పరికరమూ వంతులవారీగా పంచుకోవాలి. అందులో పక్కింటివి కూడా ఉంటాయి. గోడకు గోడ ఆనుకుని ఇళ్లున్న కాలనీల్లో ఫోన్ తెరిస్తే చుట్టుపక్కల వైఫై పేర్లు చాంతాడంత కనిపిస్తాయి. 2.4 బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 మూడే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు ప్యాకెట్లూ పాడై మళ్లీ పంపాలి. ఆ 380 మిల్లీసెకన్ల గెంతులు అక్కడివే. ఆ ఇంట్లో 300 ప్లాన్ వేసి ఉంటే కింద 94 కాస్తా మహా అయితే 300 అయ్యేది, పైన 14 అలాగే 14గా ఉండేది.

డబ్బాలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా ఉంది కదా, దానికి మారొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. డబ్బా ఉన్న గదిలో, పక్క గదిలో తప్పకుండా మారండి, చాలా తేడా ఉంటుంది. రెండు బ్యాండ్‌లకూ ఒకే పేరు ఉంటే డబ్బా సెట్టింగుల్లో 5కు వేరే పేరు పెట్టండి, లేకపోతే ల్యాప్‌టాప్ తనకు తోచినప్పుడు 2.4కు జారిపోతుంది. కానీ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటడంలో బలహీనం. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఒకటి దాటేసరికే నీరసపడుతుంది. లోపల ఇనుప చువ్వల అల్లిక ఉన్న స్లాబ్‌ను ఏటవాలుగా దాటి పైన వెనుక గదికి చేరేసరికి మిగిలేది చాలా తక్కువ. కాజీపేట ఇంట్లో పై గదిలో అది కనిపించి మాయమవుతూ ఉండేది.

అందుకే మీ వారు చెప్పిన మాట సగం సరైనది. కొత్త రూటర్ కొని పాతదాని స్థానంలో అదే టీవీ వెనుక పెడితే ఆ స్లాబ్ అక్కడే ఉంటుంది, పెద్ద తేడా రాదు. కొత్త రూటర్ పైకి వెళ్లాలి, దానికి కింది నుంచి వైరు వెళ్లాలి. నా సలహా అదే.

దానికి ముందు ఖర్చు లేని పని ఒకటి ఈ రాత్రే చేసి చూడండి. డబ్బాను టీవీ వెనుక నుంచి తీసి, పసుపు రంగు సన్నటి ఫైబర్ వైరు ఎంత దూరం వస్తే అంత దూరం మెట్ల వైపు, ఎత్తులో, ఎదురుగా బీరువా, అద్దం లేకుండా పెట్టండి. ఆ వైరును మాత్రం గట్టిగా వంచకండి, లోపల ఉన్నది గాజు. వంపు అరచేతి వెడల్పు కన్నా చిన్నది కాకుండా చూసుకుంటే చాలు. పెట్టాక మళ్లీ డబ్బాకు పింగ్ కొట్టండి. కొన్ని ఇళ్లలో ఇంతటితోనే పని అయిపోతుంది. మెట్లు హాల్లోంచే పైకి వెళ్లే ఇళ్లలో ఆశ ఎక్కువ, బయటి మెట్ల ఇళ్లలో తక్కువ.

దానితో తీరకపోతే వైరు. క్యాట్ 6 కేబుల్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. పూర్తి రాగిది అడగండి. తక్కువ ధరకు ఇచ్చేవాటిలో అల్యూమినియం తీగకు రాగి పూత వేసినవి చాలా ఉన్నాయి. ఒక తీగ కొస బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే వద్దనండి. అవి వంచితే పుటుక్కున తెగుతాయి, క్లిప్పు దగ్గర కొన్నాళ్లకు పట్టు వదులుతాయి. కరెంటు తీగలు వెళ్లే పైపులోంచి దీన్ని లాగనివ్వకండి, అది ప్రమాదం కూడా. పాత ఇళ్లలో డాబా మీది డిష్ నుంచి హాల్లోకి టీవీ కేబుల్ కోసం వేసిన పైపు ఒకటి ఖాళీగా ఉంటుంది, మొదట దాన్ని వెతకండి. అది లేకపోతే బయటి గోడ మీదుగానే తీసుకెళ్లాలి. అలాంటప్పుడు పీవీసీ పైపులో పెట్టి క్లాంపులు కొట్టించండి. మన వైపు కోతుల సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. వేలాడే వైరు కనిపిస్తే లాగకుండా పోవు, ఎండకు కూడా తొడుగు పగులుతుంది.

క్లిప్పులు కొట్టేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. లోపల ఎనిమిది తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్ లింకుకు అందులో నాలుగు తగిలినా చాలు, 1,000 లింకుకు ఎనిమిదీ తగలాలి. మిగతా నాలుగింటిలో ఒక్కటి సరిగా కూర్చోకపోయినా లింకు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతుంది, ఇంటర్నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పని అయ్యాక ల్యాప్‌టాప్‌ను ఆ వైరుకే తగిలించి, విండోస్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో `Link speed` చూడండి. 1000/1000 ఉంటేనే డబ్బులివ్వండి. 100/100 ఉంటే క్లిప్పు మళ్లీ కొట్టించండి. అప్పుడూ మారకపోతే డబ్బా పోర్ట్ కానీ ల్యాప్‌టాప్ పోర్ట్ కానీ 100దే అయి ఉంటుంది.

పైన పెట్టే రూటర్‌కు రెండు బ్యాండ్‌లూ, గిగాబిట్ పోర్టులూ ఉంటే సరిపోతుంది, అంతకన్నా ఖరీదైనది అక్కర్లేదు. సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే దాన్ని ఎంచుకోండి. ఆ మోడ్ లేకపోతే మూడు పనులు చేయాలి. కింది డబ్బా అడ్రస్ 192.168.1.1 అయితే దీని అడ్రస్‌ను 192.168.1.2గా మార్చి, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, కింది నుంచి వచ్చిన వైరును వాన్ పోర్ట్‌లో కాకుండా లాన్ పోర్ట్‌లో పెట్టాలి. ఇది చేయకపోతే ఇంట్లో రెండు డబ్బాలూ అడ్రస్‌లు పంచడం మొదలుపెడతాయి. ఒక ఫోన్‌కు నెట్ వస్తుంది, ఇంకోదానికి రాదు, కింది ప్రింటర్ పైనున్నవాళ్లకు దొరకదు. పైన, కింద వైఫైలకు పేరూ పాస్‌వర్డ్ ఒకటే పెట్టుకోవచ్చు, 2.4 ఛానెళ్లు మాత్రం వేరుగా ఉండాలి, కింద 1 అయితే పైన 11. మీ ఆఫీసు ల్యాప్‌టాప్‌కైతే రూటర్ నుంచి నేరుగా ఇంకో చిన్న వైరు ఇచ్చేయండి. మీటింగ్‌కు దాన్ని మించిన మందు లేదు.

వైరు బదులు గోడ ప్లగ్గులో పెట్టే వైఫై ఎక్స్‌టెండర్ కొనమని ఎవరైనా చెబుతారు. మీ అవసరానికి నేను వద్దంటాను. సిగ్నల్ తెగిపోయే గదిలో పెడితే అది అదే తెగిన సిగ్నల్‌ను తీసుకుని మళ్లీ పంచుతుంది. మెట్ల మధ్యలో పెడితే కాస్త నయం, కానీ చౌక రకాలు వినేదీ చెప్పేదీ ఒకే బ్యాండ్ మీద కాబట్టి వేగం సగానికి పడిపోతుంది, ఆలస్యం పెరుగుతుంది. వీడియోలు చూసుకోవడానికి నడుస్తుంది, మీటింగ్‌కు నమ్మలేం.

ఖర్చు లెక్క చూద్దాం. 20 మీటర్ల కేబుల్, పైపు, క్లిప్పులకు సుమారు 800, రూటర్‌కు 2,000, కూలికి 700 అనుకోండి. మొత్తం 3,500. మీ రెండు ప్లాన్‌ల మధ్య తేడా నెలకు 590, ఆరు నెలలకు 3,540. అంటే ఆరు నెలల తేడా డబ్బుతో ఈ పని ఒక్కసారికి అయిపోతుంది. కంపెనీ మారినా, ప్లాన్ మారినా ఆ వైరు మీ ఇంట్లోనే ఉంటుంది.

ఇక పరీక్షలో తప్పు బయటిదని తేలితే ఏమిటి? కింద వైరు మీద కూడా పగలు 95, రాత్రి 8కి 20 వస్తోందనుకోండి. అప్పుడు కూడా 300 ప్లాన్ మందు కాకపోవచ్చు. ఫైబర్ అయినా మీ ఒక్కరికే వచ్చే దారి కాదు. ఎక్కువ చోట్ల వాడే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ మీది సుమారు 2,500 ఎంబీపీఎస్‌ను 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. దాని వెనుక మీ కంపెనీ పై లైన్ ఎంత కొన్నదన్నది ఇంకో ముడి. ఆ ముడి బిగిసే వేళకు 100 ప్లాన్ వాళ్లూ 300 ప్లాన్ వాళ్లూ కలిసే ఆగుతారు. మూడు, నాలుగు రాత్రుల స్పీడ్ టెస్ట్, పింగ్ తెరలను ఫోటోలు తీసి, కంప్లయింట్ నంబర్ తీసుకుని, వైరు మీద చేసిన పరీక్ష అని రాసి పంపండి. వైఫై మీదిది పంపితే మీ రూటర్ తప్పేనని తేల్చేస్తారు. లైన్ చూడటానికి వచ్చినవాళ్లను డబ్బా దగ్గర ఆప్టికల్ పవర్ చూపించమనండి. అది మైనస్ అంకెల్లో ఉంటుంది. మైనస్ 20 చుట్టూ ఉంటే బాగు. మైనస్ 27కు దగ్గర పడిందంటే ఎక్కడో జాయింట్ చెడిపోయింది, లేదా వైరు వంగింది. స్తంభాల మీది లైన్లలో ఇది మామూలే. దాన్ని సరిచేయడం వాళ్ల పని, మీరు విడిగా డబ్బులివ్వక్కర్లేదు. ఎంత చెప్పినా రాత్రిళ్లు మారకపోతే మీ వీధిలోనే వేరే కంపెనీ లైన్ ఉన్నవాళ్లను రాత్రి 8కి ఒక టెస్ట్ చేసి చూపించమని అడగండి.

ప్లాన్ పెంచడం నిజంగా పనికొచ్చే సందర్భం కూడా ఉంది. వైరు మీద రాత్రి కూడా 95 వస్తోంది, డబ్బాకు పింగ్ నిలకడగా ఉంది, కానీ ఇంట్లో అందరూ ఒకేసారి వాడితే ఆ 95 మొత్తం నిండిపోతోంది. ఒక 4కే సినిమాకు 15 నుంచి 25, మామూలు హెచ్‌డీకి 5, మీ మీటింగ్‌కు 4 వేసుకుని కూడి చూడండి. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో 100 నిండటం కష్టం. పిల్లలు పెద్ద గేములు దింపుకునే ఇంట్లో, లేదా మీరే పని కోసం భారీ ఫైళ్లు అటూ ఇటూ పంపేవారైతే నిండుతుంది. అప్పుడు 300కు మారండి, నేను కాదనను. మారేముందు కంపెనీ అబ్బాయిని రెండు విషయాలు అడగండి. మొదటిది, అప్‌లోడ్ వేగం కూడా 300 వస్తుందా అని. రెండోది, ఇప్పుడున్న డబ్బా లాన్ పోర్టులు గిగాబిట్‌వేనా అని. 100 పోర్టుల డబ్బాలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి, వాటి వైరు మీద ఏ ప్లాన్ వేసినా 94, 95 దాటదు. అది మార్చి ఇస్తానంటేనే ఒప్పుకోండి. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు, మొదట ఒక్క నెలకే కట్టండి.